ఖాళీ గది ఫోటో ఒక్కటే పంపి "ఏది ఎక్కడ పెట్టాలి" అంటే ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి

కాశీబుగ్గలో చెక్క సామాను పని చేస్తూ ఉంటాను కాబట్టి నాకు వారానికి నాలుగైదు ఫోటోలు వస్తాయి. సోంపేట, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, బరంపురం, ఎక్కడివాళ్ళైనా పంపేది ఒకటే: ఖాళీ గది, కొత్త సున్నం, కింద ఒక లైను. "సోఫా ఎక్కడ వేయమంటారు?" గది ఎంత పొడవో ఉండదు, ఇంట్లో ఎంతమంది ఉంటారో ఉండదు, రాత్రి ఆ గదిలో ఎవరు పడుకుంటారో అసలే ఉండదు. ఇప్పుడు వడ్రంగం పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు, ఇంటీరియర్ పని మొదలుపెట్టినవాళ్ళు, ఊళ్ళో చుట్టాలకి సలహా చెప్పేవాళ్ళు కూడా ఇదే అడుగుతున్నారు: కొలతలు లేకుండా ఫోటో చూసి ఎలా చెప్తారండీ అని. అందరికీ ఒక్కసారే రాసేస్తున్నాను.

ముందే ఒక మాట. ఫోటో చూసి చెప్పేది ఖాయమైన ప్లాను కాదు. ఫోటోలో కనిపించింది ఏది, మీరు ఊహించింది ఏది అన్నది విడదీసి చెప్పగలిగితే చాలు, అవతలివాళ్ళకి అది నిజంగా పనికొస్తుంది. ఆ రెండూ కలిపేసి "మీ గది 12 బై 14, సోఫా ఇక్కడ వేయండి" అన్నారంటే వాళ్ళు డబ్బు పెట్టి కొనేస్తారు, ఆ తర్వాత మీకు ఫోన్ వస్తుంది.

కావలసినవి

గళ్ళ నోటుబుక్కు ఒకటి, పిల్లల లెక్కల పుస్తకం చాలు. ఒక గడి ఒక అడుగు అనుకోవాలి. పెన్సిలు, చిన్న స్కేలు. అట్టముక్కలు కత్తిరించుకున్న సామాను బొమ్మలు: దివాన్ కాట్ 6 బై 3, డబుల్ కాట్ ఆరున్నర బై 5, మూడు సీట్ల సోఫా ఆరున్నర బై 3, రెండు సీట్లది 5 బై 3, ఇనప బీరువా 3 అడుగుల వెడల్పు, లోతు ఒకటిన్నర పైచిలుకు, నలుగురి భోజనాల బల్ల 4 బై రెండున్నర. ఇవి మన బజార్లో మామూలుగా దొరికే సైజులు, అంగుళం అటూ ఇటూ ఉంటాయి. ఒకసారి కత్తిరించి డబ్బాలో పెట్టుకుంటే ఏళ్ళ తరబడి పనికొస్తాయి.

1. ముందు ఫోటో ఎలా తీశారో చూడండి

ఫోన్‌లో 0.5x మీద తీస్తే గది పెళ్ళి మండపంలా కనిపిస్తుంది. అంచుల్లో ఉన్నవి సాగిపోతాయి, గోడల నిలువు గీతలు వాలుతాయి. ఫోటో అంచున ఉన్న తలుపు మరీ లావుగా కనిపిస్తే అది 0.5x అనే అనుకోండి. 1x మీద తీసినా ఫోన్ లెన్సు వెడల్పాటిదే, దగ్గరవి పెద్దగా, దూరానివి చిన్నగా కనిపిస్తాయి. అందుకే ఫోటో మీద స్కేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి కొలవకూడదు. లెక్కపెట్టాలి. ఏం లెక్కపెట్టాలో కింద చెప్తాను.

ఇంకోటి, దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. ఫోటో తీసినవాళ్ళ కాళ్ళ దగ్గరి నేల ఫోటోలో పడదు. ఫోన్ నిలువుగా, గుండె ఎత్తులో, తిన్నగా పట్టుకుంటే కాళ్ళ ముందు ఆరడుగుల దాకా నేల కనపడకుండా పోతుంది. కొంచెం కిందికి వంచితే మూడు నాలుగు అడుగులు. అడ్డంగా పట్టుకుంటే ఇంకా ఎక్కువ పోతుంది. అంటే కనిపించే నేలే గది అనుకుంటే తప్పు. వెనక ఉన్న గోడ సంగతైతే చెప్పనక్కర్లేదు, దాని మీద తలుపు ఉందో కిటికీ ఉందో మనకి తెలీదు.

2. నేల మీది పలకలు లెక్కపెట్టండి

మన వైపు కొత్త ఇళ్ళలో ఎక్కువగా రెండడుగుల చదరం టైల్సే. పాత ఇళ్ళలో అడుగు చదరం, మధ్యకాలంలో వేసినవి పదహారు అంగుళాలు. ఎదురు గోడ అడుగున ఎన్ని పలకలు పట్టాయో లెక్కపెట్టి, చివర కోసిన ముక్క సగమో పావో చూసుకుంటే వెడల్పు వచ్చేస్తుంది.

ఇక్కడే నేను గట్టిగా దెబ్బతిన్నాను. సోంపేట దగ్గరి ఇంటి ఫోటోలో ఎదురు గోడకి ఎనిమిది పలకలు కనిపించాయి. రెండడుగులవే అనుకుని 16 అడుగుల గోడ అని చెప్పేశాను, ఆరున్నర అడుగుల సోఫా, పక్కన బీరువా, ఇంకో కుర్చీ అన్నీ వరసగా పెట్టమన్నాను. ఆ పలకలు పదహారు అంగుళాలవి. గోడ పది అడుగుల ఎనిమిది అంగుళాలు. సోఫా, బీరువా పెట్టేసరికి గోడ అయిపోయింది, బీరువా తలుపు సోఫా చేతికి తగిలి సగమే తెరుచుకుంది. ఆ ఇంటి పెద్దాయన ఒక్క మాట కూడా అనలేదు, దానికే ఎక్కువ బాధపడ్డాను.

అప్పటి నుంచి పలక సైజుని తలుపుతో సరిచూడకుండా ఒక్క అంకె కూడా రాయను. లోపలి గదుల తలుపు చట్రంతో కలిపి మూడు నుంచి మూడున్నర అడుగులు ఉంటుంది. ఆ గుమ్మం కింద ఎన్ని పలకలు పట్టాయో చూడండి. ఒకటిన్నర పైన కొంచెం అయితే రెండడుగుల పలక. రెండు దాటి రెండున్నర దాకా అయితే పదహారు అంగుళాలది. మూడు, అంతకన్నా ఎక్కువైతే అడుగు పలక. స్నానాల గది తలుపుతో మాత్రం పోల్చకండి, అది రెండున్నర అడుగులే ఉంటుంది, లెక్క తప్పుతుంది.

నాలుగడుగులు బై రెండడుగుల పొడుగు పలకలు కూడా ఇప్పుడు వేస్తున్నారు. దూరంగా ఉన్న చదరం ఫోటోలో అణిగిపోయి పొడుగు పలకలా కనిపిస్తుంది, కాబట్టి పలక ఆకారం ఫోటోకి బాగా దగ్గరగా ఉన్న వరసలోనే చూడండి.

పలకలే లేకపోతే? రంగు సిమెంటు నేల, మొజాయిక్ నేల ఉన్న పాత ఇళ్ళు ఇచ్ఛాపురంలోను, బరంపురంలోను బోలెడు. అప్పుడు తలుపు ఎత్తే కొలబద్ద. తలుపు మామూలుగా ఏడడుగులు. ఎదురు గోడ మీదే తలుపు ఉండి, ఫోటో ఆ గోడకి తిన్నగా తీసి ఉంటే, తెర మీద తలుపు ఎత్తు, గోడ వెడల్పు స్కేలుతో కొలవండి. తలుపు 4 సెంటీమీటర్లు, గోడ 6 సెంటీమీటర్లు వస్తే ఏడు ఇంటూ ఆరు, భాగించు నాలుగు, పదిన్నర అడుగులు. స్కేలు పెట్టదగ్గ చోటు ఇదొక్కటే. ఏటవాలుగా కనిపించే పక్క గోడకి ఈ లెక్క పనిచేయదు. పాత పెంకుటిళ్ళలో ద్వారాలు పొట్టిగా ఉంటాయి, ఆరడుగులే ఉండొచ్చు, అక్కడ కొలత చెప్పకుండా మనిషిని గుమ్మం దగ్గర నిలబెట్టి ఇంకో ఫోటో పంపమనడం మేలు.

వచ్చిన కొలతని ఒక్క అంకెగా ఎప్పుడూ రాయకండి. "పదిన్నర, అటూ ఇటూ అరడుగు", "11 నుంచి 14" ఇలా రాయండి. ప్లాను మాత్రం చిన్న అంకె మీదే వేయండి. 11లో పట్టింది 14లో పట్టక మానదు, ఆ అంకెలు తిరగేస్తే మాత్రం కుదరదు.

3. కదలనివి గుర్తుపెట్టండి

గళ్ళ కాగితం మీద గది గీసి, తలుపులు, కిటికీలు, స్విచ్‌బోర్డు, ప్లగ్గులు, ఫ్యాను కొక్కెం పెట్టండి. ఫోటోని పెద్దది చేసి ఓపిగ్గా చూడాలి, ఇల్లు కట్టినవాళ్ళు ఏమనుకున్నారో అందులోనే ఉంటుంది. ఏడడుగుల ఎత్తులో పెద్ద ప్లగ్గు ఉంటే ఏసీ కోసం పెట్టారు, అంటే అది పడకగది కావచ్చు. మూడు, మూడున్నర అడుగుల ఎత్తులో ప్లగ్గు, పక్కన కేబులు కన్నం ఉంటే టీవీ గోడ అదే. ఒకే గోడకి మంచం పట్టేంత ఎడంలో రెండు చిన్న బోర్డులు ఉంటే మంచం తల ఆ గోడకి అని వాళ్ళే చెప్తున్నారు.

తలుపు ఎటు తెరుచుకుంటుందో ఫోటోలోనే తెలుస్తుంది. మడతబందులు మనకి కనిపిస్తున్నాయంటే తలుపు మన వైపు, అంటే ఈ గదిలోకి తెరుచుకుంటుంది. కనపడకపోతే అవతలికి. లోపలికి తెరుచుకునే తలుపుకి దాని రెక్క అంత మేర, మూడడుగులు, నేల మీద పావు చక్రం గీసి వదిలేయండి. అక్కడ చెప్పుల స్టాండు కూడా వద్దు.

గోడ అడుగున రంగు పొరలు లేచి ఉన్నా, తెల్లగా ఉప్పు పూసినట్టు ఉన్నా అది చెమ్మ. ఉద్దానం నుంచి ఇచ్ఛాపురం దాకా సముద్రపు గాలి ఇళ్ళకి ఇది మామూలే. ఆ గోడకి బీరువా ఆనించి పెట్టమనకండి, వెనక రేకు తుప్పు పడుతుంది. పొట్టు చెక్కతో చేసిన వార్డ్‌రోబ్ అయితే ఉబ్బిపోతుంది. వేరే గోడ లేకపోతే మూడు అంగుళాలు ఎడం వదిలి, కింద దిమ్మలు వేసి పెట్టమనండి. తూర్పు కిటికీ పక్కన కూడా జాగ్రత్త. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మూసిన కిటికీల సందుల్లోంచి కూడా నీళ్ళు కొట్టాయి. అంత తుఫాను అక్కర్లేదు, మామూలు వాయుగుండానికే కిటికీ కింద పరుపు తడిసిపోతుంది.

4. నడిచే దారి గీయండి, సామాను తర్వాత

ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి మనిషి ఎలా నడుస్తాడో పెన్సిలుతో గీసి, ఆ గీతకి మూడడుగుల వెడల్పు ఇవ్వండి. మరీ ఇరుకైతే రెండున్నర. మన పాత వీధుల్లో ఇల్లు సన్నగా, పొడుగ్గా ఉంటుంది, వీధి గుమ్మంలో నిలబడితే పెరడు గుమ్మం కనిపిస్తుంది. ఆ ఇళ్ళలో ప్రతి గదీ సగం దారే. గది పది అడుగులైనా వాడుకోడానికి మిగిలేది ఏడే.

మిగతా ఖాళీలు ఇలా ఉంచుకోండి: సోఫాకి టీపాయ్‌కి మధ్య అడుగు నుంచి ఒకటిన్నర, మంచం దిగే వైపు రెండడుగులు, భోజనాల కుర్చీ వెనక్కి లాగడానికి రెండున్నర, బీరువా ముందు మనిషి నిలబడి తలుపు తీయడానికి మూడడుగులు. పెట్టెలా ఉన్న దాని కొలత ఒక్కటే చూస్తే చాలదు, దాన్ని వాడేటప్పుడు మనిషి నిలబడే చోటు కూడా దాని కిందే లెక్క.

5. అడగాల్సినవి మూడే అడగండి

ఇరవై ప్రశ్నలు పంపితే ఎవరూ జవాబివ్వరు. ప్లానుని తలకిందులు చేసే ప్రశ్నలే అడగాలి. నేను అడిగేవి ఇవి.

రాత్రి ఈ గదిలో ఎవరైనా పడుకుంటారా? మన ఇళ్ళలో హాలంటే పగలు హాలు, రాత్రి అత్తగారి పడకగది. ఇది తెలియకుండా సోఫా సెట్టు చెప్తే ఆవిడ పక్క ఎక్కడ వేసుకుంటుంది?

ఇప్పటికే ఉన్న సామాను ఏది, ఏది తప్పకుండా ఈ గదిలోకే రావాలి? కూతురికి ఇచ్చిన బీరువా, కుట్టు మిషను, ఫ్రిజ్, జీడిపప్పు బస్తాలు, ఇలా ఫోటోలో లేనివే గదిని నింపుతాయి.

మీరు నిలబడిన చోటికి ఎదురు మూల నుంచి ఇంకో ఫోటో తీస్తారా, ఉదయం ఎండ ఏ కిటికీలోంచి వస్తుంది? ఎండ సంగతి దిక్కు కోసం. ఉత్తరం వైపు తల పెట్టి పడుకోని ఇళ్ళే మన వైపు ఎక్కువ, దేవుడి పీట ఈశాన్యంలోనే పెడతామంటారు. నమ్మకం మీకుందా లేదా అన్నది వేరే విషయం, వాళ్ళు మంచం తిప్పేస్తే మీ ప్లాను పోయినట్టే. ఫోటోలో వెలుగు చూసి దిక్కు ఊహించకండి, ఫోటో ఉదయం తీశారో సాయంత్రం తీశారో మనకేం తెలుసు.

జవాబు వచ్చేదాకా ఊరుకోవాలా? అక్కర్లేదు. చాలామంది రెండో మెసేజ్ పెట్టరు. ప్రశ్నలతో పాటే ఒక ప్లాను కూడా పంపేయండి, ఏ ఊహ మీద వేశారో రాసి.

6. ఒక గది పూర్తిగా చూద్దాం

ఇచ్ఛాపురం నుంచి ఒకావిడ పంపిన ఫోటో. "అన్నయ్యా, ఈ గదిలో ఏటేటి ఎక్కడ పెట్టాలో చెప్పరా?" అంతే. గుమ్మంలో నిలబడి తీసినట్టుంది. ఎదురు గోడకి తలుపు లేదు, మూడడుగుల ఎత్తులో ప్లగ్గు, పక్కన కేబులు కన్నం. ఎడమ గోడకి నాలుగడుగుల కిటికీ, ఎదురు గోడ వైపుకి జరిగి ఉంది. కుడి గోడకి చివర, మూలకి దగ్గరగా, లోపలి గుమ్మం. మడతబందులు కనపడలేదు, అంటే తలుపు అవతలికి తెరుచుకుంటుంది.

గుమ్మం కింద పలకలు ఒకటిన్నర పైన కొంచెం. రెండడుగులవే. ఎదురు గోడకి ఐదు పలకలు, పావు ముక్క, అంటే పదిన్నర అడుగులు. లోతు దగ్గరే చిక్కు. ఎడమ గోడ పక్కన నాలుగు పలకలు నిండుగా కనిపించి ఫోటో అయిపోయింది. ఎనిమిది అడుగులు ఖాయం, కనపడని నేల మూడు నుంచి ఆరు. కాబట్టి 11 నుంచి 14.

దారి వీధి గుమ్మం నుంచి కుడి మూల గుమ్మానికి. వీధి గుమ్మం గోడలో ఎక్కడుందో కనపడలేదు, కానీ ఫోటో కోణం చూస్తే కుడి వైపు అనిపించింది. కుడి గోడ పొడుగునా మూడడుగులు వదిలేశాను. మిగిలింది ఏడున్నర అడుగుల వెడల్పు.

మొదట నాకు తోచింది అందరికీ తోచేదే: టీవీ ఎదురు గోడకి, ఎడమ గోడకి దివాన్, టీవీకి ఎదురుగా వీధి గుమ్మం గోడకి ఆనించి రెండు సీట్ల సోఫా. లెక్క వేద్దాం. సోఫా లోతు 3, సందు 1, దివాన్ పొడవు 6, టీవీ బల్ల లోతు ఒకటిన్నర. మొత్తం పదకొండున్నర. లోతు 11 అయితే పట్టదు. 12 అయితే అరడుగు మిగులుతుంది. కాబట్టి సోఫాని షరతు మీద పెట్టాను. ఆవిడకి పంపింది దాదాపు ఇదే:

"అమ్మా, ఫోటో చూసి చెప్తున్నాను, కొలతలు నా అంచనా. వెడల్పు పదిన్నర అడుగులు ఉండొచ్చు, పొడవు నాకు సరిగా తెలియట్లేదు. ఇది హాలు అనుకున్నాను, ఇది ఊహే. కుడి గోడ పక్కన దారికి మూడడుగులు ఏమీ పెట్టకుండా వదిలేయండి, ఇది మాత్రం ఖాయం. టీవీ ఎదురు గోడకే, ప్లగ్గు అక్కడే ఉంది. ఎడమ గోడకి దివాన్, టీవీ ముందు ప్లాస్టిక్‌వో కేన్‌వో రెండు కుర్చీలు. సోఫా కావాలంటే ఒక పని చేయండి, మీరు నిలబడిన గోడ నుంచి ఎదురు గోడకి ఎన్ని పలకలు ఉన్నాయో లెక్కపెట్టండి. ఆరు, అంతకన్నా ఎక్కువుంటే చెప్పండి, రెండు సీట్ల సోఫా పడుతుంది. వీధి గుమ్మం పక్కన గోడ ఐదడుగులైనా ఉండాలి. రాత్రి అక్కడ ఎవరైనా పడుకుంటారా? ఇంకేమైనా సామాను ఆ గదిలోకి రావాలా? ఉదయం ఎండ ఎటు నుంచి వస్తుంది?"

చూడండి, ఇందులో అడుగుల టేపు అడగలేదు. టేపు ఇంట్లో ఉండకపోవచ్చు, పలకలు లెక్కపెట్టడం చిన్నపిల్లకైనా వస్తుంది. పలకలు లేని ఇంట్లోనైతే మూరలు అడగండి, మూర అంటే ఒకటిన్నర అడుగు, ఒకే మనిషి చేత్తో కొలవాలి.

మర్నాడు జవాబు వచ్చింది. పలకలు ఆరున్నర, అంటే 13 అడుగులు. వీధి గుమ్మం కుడి చివరే, పక్కన గోడ ఆరడుగుల పైనే. ఎండ ఎడమ కిటికీలోంచి. అత్తగారు అక్కడే పడుకుంటారు, రాత్రి రెండు మూడుసార్లు లేస్తారు. ఫ్రిజ్ కూడా హాల్లోనే, వంటింట్లో చోటు లేదు.

సోఫా ఖాయమైంది. ఎడమ తూర్పు అయితే ఎదురు గోడ దక్షిణం. అత్తగారి తల దక్షిణానికి పెట్టాలి, అంటే తల టీవీ వైపు, కాళ్ళు సోఫా వైపు. పడుకుని టీవీ చూడలేరు. దీనికి దివాన్ తిప్పనక్కర్లేదు. పగలు బాలీసు ఉత్తరం చివర వేసుకుని ఆనుకుని చూడొచ్చు, రాత్రి తలగడ దక్షిణం చివరికి. దివాన్‌కి రెండు చివర్లా ఎత్తు పలకలు లేనిదే తీసుకోమన్నాను, లేదంటే ఈ మార్పు కుదరదు. తూర్పు కిటికీ తల దగ్గరే పడింది, అందుకని దివాన్ గోడకి ఆరు అంగుళాలు ఇవతలికి జరిపి, కిటికీకి బయట రేకు పందిరి లేకపోతే వేయించుకోమన్నాను. ఫ్రిజ్ ఎదురు గోడకే, టీవీ బల్లకి కుడి పక్కన, దారికి ఇవతల. మోటారు చప్పుడు తలకి దూరంగా ఉంటుంది. బల్ల నాలుగడుగులు, ఫ్రిజ్ రెండు, మొత్తం ఆరు, ఉన్నది ఏడున్నర. ఆవిడ టీపాయ్ కూడా అడిగారు, అది వద్దన్నాను. చీకట్లో లేచే పెద్దావిడకి దివాన్ నుంచి లోపలి గుమ్మం దాకా మోకాలికి తగిలేది ఏదీ ఉండకూడదు. గోడకి మడిచే చిన్న బల్ల సోఫా పక్కన పెట్టుకున్నారు.

ఆ మూడు జవాబులూ రాకపోయినా మొదటి మెసేజ్‌లో చెప్పింది తప్పయ్యేది కాదు. ప్లాను సరిగా వేశామా లేదా అనడానికి నేను చూసుకునే గుర్తు ఇదే: కొత్త సంగతి తెలిసినప్పుడు ప్లానుకి చేర్చుకుంటూ పోతున్నామా, లేక మొత్తం చెరిపేయాల్సి వస్తోందా?

7. కొనకముందు సరిచూడమనండి

సుద్దముక్కతో నేల మీద సామాను గీయమనండి. దివాన్ రెండడుగుల పలకల్లో మూడు పలకల పొడవు, ఒకటిన్నర వెడల్పు. గీశాక ఒక రోజంతా ఆ గీతలు తొక్కకుండా నడవాలి. నీళ్ళ బిందెతో నడవాలి, బట్టల తట్టతో నడవాలి, పిల్లలు బళ్ళోంచి వచ్చి సంచీ ఎక్కడ పడేస్తారో చూడాలి. ఎక్కడ గీత చెరిగిపోయిందో అక్కడే సామాను అడ్డం వస్తుంది. గీత మీద కాలు పడ్డ చోటు ఫోటో తీసి పంపమంటాను, దానికన్నా నిజమైన కొలత ఇంకోటి లేదు.

తలుపులన్నీ పూర్తిగా తెరిచి చూడమనండి, గీత మీదికి రెక్క వస్తే ఆ వస్తువు జరగాలి. ప్లగ్గు బోర్డులు దేని వెనకైనా దాక్కుంటున్నాయా చూడాలి. ఫ్యాను గాలి పడుకునే చోట పడుతుందో లేదో కొక్కెం కింద నిలబడితే తెలుస్తుంది. ఆఖరుది, సామాను లోపలికి వస్తుందా? మూడు సీట్ల సోఫా వీధి గుమ్మంలోంచి వస్తుంది గానీ రెండున్నర అడుగుల తలుపులోంచి, మెట్ల మలుపులోంచి రాకపోవచ్చు. పై అంతస్తు అయితే మెట్ల ఫోటో కూడా అడగండి, విప్పి బిగించే రకమైతే ఆ టెన్షన్ ఉండదు.

ఎక్కువగా జరిగే తప్పులు

కిటికీకి అడ్డంగా బీరువా పెట్టమనడం. గోడలు చాలనప్పుడు ఇదే తోస్తుంది. మే నెలలో ఆ గదిలో ఎవరూ కూర్చోలేరు. అడ్డం రాక తప్పదంటే కిటికీ గట్టు కన్నా పొట్టిగా, మూడడుగుల లోపు ఉన్నవే కిటికీ కింద పెట్టాలి.

అన్నిటినీ గోడలకి ఆనించి మధ్యలో మైదానం వదలడం. మనకి అలవాటు కాబట్టి తప్పనను, నేల మీద పది మందికి భోజనం వడ్డించే ఇళ్ళలో అది అవసరం కూడా. కానీ ఆ అవసరం ఉందో లేదో అడిగి చెప్పండి.

ఫోటోలో కనపడని గోడ మీద ముఖ్యమైన వస్తువు పెట్టేయడం. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ ఇదే. చూడని గోడ మీద పెట్టే ప్రతిదానికీ పక్కన "ఆ గోడ ఖాళీగా ఉంటే" అని రాయండి.

గదికి ఒక్కటే ఫోటో ఉండి, అదీ 0.5x మీద తీసి, నేల సిమెంటుదై, ఒక్క తలుపు కూడా కనపడకపోతే మాత్రం కొలత చెప్పకండి. దారి ఎటు వదలాలో, కిటికీ దగ్గర ఏం పెట్టకూడదో ఆ రెండే చెప్పి, ఇంకో రెండు ఫోటోలు అడగండి: ఎదురు మూల నుంచి ఒకటి, గుమ్మంలో మనిషిని నిలబెట్టి ఒకటి.